కొన్న కొద్ది వారాలకే సోల్ ఊడిన బూట్లు: దుకాణానికి ఉత్తరం రాసే పద్ధతి

బూటు సోల్ ఊడిందని దుకాణానికి వెళ్ళినవారికి కౌంటరు దగ్గర సాధారణంగా రెండు మాటలు ఎదురవుతాయి. మొదటిది "నీళ్ళలో నానిపోయుంటుందండి" అనేది. రెండోది "ఆయ్, ఇలా ఇవ్వండి, సొల్యూషన్ పెట్టి అతికించేస్తాం" అనేది. మొదటి మాట తప్పును కొన్నవారి మీదకు నెడుతుంది. రెండో మాట ఎంతో మర్యాదగా వినిపిస్తూనే, లోపానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలో, బురదలో, కాలువగట్ల మీద నడవక తప్పని గోదావరి డెల్టాలో ఈ మొదటి మాట చాలా సులువుగా చెల్లిపోతుంది కాబట్టి, ఇక్కడి కొనుగోలుదారు రాసే ఉత్తరం ప్రధానంగా దానికే జవాబు కావాలి. ఆ జవాబును ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ మాటల్లో రాయాలో, ఒక ఊహాజనితమైన ఉదాహరణను చివరిదాకా పట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణ ఇది. పాలకొల్లు దగ్గరి ఒక గ్రామంలో ఉండే ఉపాధ్యాయురాలు 2025 జూన్ 12న భీమవరంలోని ఒక దుకాణంలో రూ. 1,899 పెట్టి నల్లని బూట్లు కొన్నారు. జూలై 6న ఎడమ బూటు ముందుభాగం నోరు తెరిచింది. బిల్లు ఉంది, డబ్బా ఉంది. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంది.

ముందుగా: అతికించకండి, పీకకండి

సోల్ కొద్దిగా విడిపోగానే ఇంట్లో ఉన్న జిగురు రాయడమో, వీధి చివర చెప్పులు బాగుచేసే ఆయన దగ్గరకు తీసుకెళ్ళడమో సహజంగా జరిగే పని. ఉత్తరం రాయాలనుకుంటే మాత్రం ఆ పని చేయకూడదు. బయటి జిగురు ఒక్క చుక్క పడినా, ఊడింది కంపెనీ పెట్టిన అతుకా లేక మీరు పెట్టిన అతుకా అనే ప్రశ్న లేస్తుంది. ఎంతవరకు ఊడిందో చూద్దామని పూర్తిగా పీకేయడం కూడా అంతే పొరపాటు, ఎందుకంటే తానుగా ఊడిన భాగానికీ మీరు పీకిన భాగానికీ తేడా తరవాత ఎవరూ చెప్పలేరు. బూట్లు తడిగా ఉంటే నీడలో గాలికి ఆరనివ్వండి. పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో ఆరబెట్టవద్దు, వేడికి జిగురు మెత్తబడుతుంది.

అతుకును చదవడం

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఉత్తరం బలమంతా ఇక్కడే ఉంది, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

నేడు మార్కెట్లో దొరికే బూట్లలో ఎక్కువ వాటికి సోల్‌ను కుట్టరు, జిగురుతో అతికిస్తారు. పైభాగం అడుగు అంచును గరుకుగా రుద్ది, సోల్‌ను శుభ్రం చేసి, ఆ సోల్ పదార్థానికి తగిన ప్రైమర్ పూసి, రెండింటికీ జిగురు రాసి ఆరనిచ్చి, వేడి చూపించి, యంత్రంలో నొక్కుతారు. సోల్ అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడిన జిడ్డు పూత దాని మీద మిగిలిపోయినా, పైభాగాన్ని సరిగ్గా రుద్దకపోయినా, జిగురు ఎంత మంచిదైనా పట్టు ఉండదు. దుకాణంలో ఆ బూటు చూడ్డానికి బాగానే ఉంటుంది, తొడిగి చూసినప్పుడూ బాగానే ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ వేళ్ళ దగ్గర వంగే చోట లాగుడు పడుతుంది కాబట్టి, కొన్ని వారాల నడక తరవాత అక్కడో, ముందు అంచులోనో మొదటి సందు కనిపిస్తుంది.

ఆ సందును పగటి వెలుగులో, లాగకుండా, రెండు వేళ్ళతో కొద్దిగా విప్పి లోపలికి చూడండి. జిగురు సన్నని పొరలా ఒకవైపే మొత్తం మిగిలి, రెండోవైపు నున్నగా, బోసిగా ఉంటే, ఆ రెండోవైపు జిగురు అసలు పట్టుకోలేదని అర్థం. తయారీలో లోపం ఉందనడానికి మామూలు కంటికి కనిపించే గట్టి గుర్తు ఇదే. జిగురు రెండువైపులా సాగి, దారాలు దారాలుగా కనిపిస్తే జిగురే మధ్యలో తెగింది. అది సరిగ్గా గట్టిపడకపోవడం వల్ల కావచ్చు, తరవాత ఎక్కడో తగిలిన వేడి వల్లా కావచ్చు, కాబట్టి ఈ గుర్తు ఒక్కదాని మీదే వాదన నిలబెట్టడం కష్టం. పైభాగపు బట్ట లేదా తోలు పొర చిరిగి సోల్‌కు అంటుకుని వచ్చిందంటే జిగురు పట్టు గట్టిగానే ఉంది, చిరిగింది పదార్థం. అటువంటప్పుడు రాయికి తట్టుకోవడం, బైకు గేరు కింద నలగడం వంటి కారణాలు మీ వైపు ఏమైనా ఉన్నాయేమో నిజాయితీగా ఆలోచించాలి.

పూర్తిగా వేరే కోవకు చెందిన లోపం ఇంకొకటి ఉంది. పాలీయురేథేన్‌తో చేసిన కొన్ని రకాల సోళ్ళు గాలిలోని తేమకు ఏళ్ళ తరబడి మెల్లగా విచ్ఛిన్నమవుతాయి. అవి ఊడవు, పొడిపొడిగానో జిగటగానో రాలిపోతాయి. తొడక్కుండా డబ్బాలోనే ఉన్నా అలా జరుగుతుంది. సముద్రపు గాలి, చెరువుల తేమ కలిసిన మన ప్రాంతంలో గోదాములో చాలాకాలం పడి ఉన్న సరుకుకు ఈ ప్రమాదం ఎక్కువ. సోల్ వేలితో నొక్కితే ముక్కలవుతుంటే, డబ్బా మీద అచ్చయిన తయారీ నెల, సంవత్సరం మీ ఉత్తరంలో మొదటి వరుసలోకి రావాలి.

మన ఉదాహరణలో ఉపాధ్యాయురాలి ఎడమ బూటు పైభాగం అంచుకు పారదర్శకమైన జిగురు పొర చెక్కు చెదరకుండా అంటుకుని ఉంది. సోల్ వైపు మాత్రం కొత్త రబ్బరులా నున్నగా ఉంది, జిగురు జాడే లేదు. ఆమె ఒక విజిటింగ్ కార్డును సందులోకి బలవంతం చేయకుండా జార్చి, ఆగినచోట పెన్సిలుతో గీత పెట్టి, తరవాత స్కేలుతో కొలిచారు. లోతు 3 సెంటీమీటర్లు, అంచు వెంట పొడవు 7 సెంటీమీటర్లు. కుడి బూటు ముందు అంచును బొటనవేలితో నొక్కి చూస్తే అక్కడా సన్నని సందు మొదలైంది. ఇది ముఖ్యమైన సంగతి. ఒక బూటే ఊడితే ఏదో తగిలి ఉంటుందని అనవచ్చు గానీ, రెండూ ఒకే చోట విడిపోతుంటే ఆ మాటకు బలం తగ్గుతుంది.

ఫొటోలు, కాగితాలు

ఫొటోలు నాలుగైదు చాలు, కానీ ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెప్పాలి: జత మొత్తం, స్కేలు పక్కన పెట్టి సందు, సందు లోపల జిగురు కనిపించేలా దగ్గరి ఫొటో, సోల్ అడుగున గాళ్ళు, డబ్బా మీది లేబుల్. గాళ్ళ ఫొటో ఎందుకా అనిపించవచ్చు. అడుగున గాళ్ళు ఇంకా పదునుగా, కొత్తగా ఉన్నాయంటే బూటు ఎంత తక్కువ నడిచిందో అదే చెబుతుంది, "బాగా వాడేశారు" అనే మాటకు వేరే జవాబు అక్కర్లేదు.

బిల్లును ఆ రోజే జిరాక్సు తీయించండి, ఫొటో కూడా తీసి ఉంచండి. ఇప్పుడు దుకాణాల్లో ఇచ్చే నున్నటి థర్మల్ కాగితం మీది అక్షరాలు వేడికి, తేమకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. బిల్లు ఇవ్వలేదంటే ఫోన్‌లో యూపీఐ చెల్లింపు వివరం, దాని లావాదేవీ సంఖ్య, దుకాణం పంపిన మెసేజీ, డబ్బా మీది ధర స్టిక్కరు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి కాబట్టి, ఆ సంగతిని ఉత్తరంలో ఒక వాక్యంలో రాయవచ్చు.

ఉత్తరం రాసే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోపు, అటువంటి గడువేదీ బిల్లులో లేకపోతే 30 రోజుల్లోపు, వెనక్కు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. "వాపసు తీసుకోబడదు" అన్న అచ్చు లోపమున్న సరుకు విషయంలో దుకాణదారును ఈ బాధ్యత నుంచి తప్పించదు. ఉపాధ్యాయురాలికి ఆ 30 రోజులు జూలై 12తో ముగుస్తాయి, అందువల్ల ఆమె ఉత్తరం జూలై 9నే దుకాణానికి చేరేలా చూసుకున్నారు. మీకు ఆ గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు. లోపం మీద ఫిర్యాదు చేయడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల వ్యవధి ఉంది. కాకపోతే 30 రోజుల్లోపు రాసిన ఉత్తరానికి ఉండే పదును వేరు.

రెండోది, ఉత్తరం ఎవరికి రాయాలి అన్నది. డబ్బు తీసుకున్నది దుకాణం కాబట్టి ఉత్తరం దుకాణానికే రాయాలి. "కంపెనీతో మాట్లాడుకోండి" అనే జవాబు సరిపోదు. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర వివరణను బట్టి కొన్న వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు, నోటితో చెప్పకపోయినా, ఆ అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. డబ్బా మీది చిరునామాకు ఒక ప్రతి పంపడం మాత్రం మంచిదే.

మూడోది నీటి సంగతి. వానలో నడిచి ఉంటే నడిచానని రాయండి. దాచిపెడితే తరవాత అదే మీకు అడ్డొస్తుంది. జూన్‌లో భీమవరంలో రోజువారీ వాడకానికి అమ్మిన బూటు తడి రోడ్డు మీద నడకను తట్టుకోవాలి, అది అసాధారణమైన వాడకం కాదు. చేపల చెరువులో దిగడానికో, దమ్ము చేసిన చేలో నడవడానికో వాడితే కథ వేరు, అటువంటప్పుడు ఈ ఉత్తరం రాయకపోవడమే మంచిది.

నాలుగోది, ఏం కోరుతున్నారన్నది. ఒక్కటే కోరండి, దానికి ఒక్కటే ప్రత్యామ్నాయం ఇవ్వండి. బూటు ధర రెండు వేల లోపు ఉండగా లక్ష రూపాయల మనోవేదన పరిహారం అడిగిన ఉత్తరాన్ని ఎవరూ గట్టిగా తీసుకోరు. అలాగే కారణాన్ని మీరే నిర్ధారించవద్దు. "నాసిరకం జిగురు వాడారు" అని రాస్తే దాన్ని మీరే రుజువు చేయవలసి వస్తుంది. "సోల్ వైపు జిగురు జాడ లేదు" అని రాస్తే కనిపించింది చెప్పినట్టవుతుంది, కారణం చెప్పుకోవలసిన పని అవతలివారిది అవుతుంది.

ఉత్తరం

ఉపాధ్యాయురాలి ఉత్తరం పూర్తి రూపం ఇది. పైన కుడివైపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తేదీ ఉంటాయి.

> యజమాని గారికి,
> (దుకాణం పేరు, చిరునామా)
>
> విషయం: 12-06-2025న కొన్న బూట్ల సోల్ ఊడిపోవడం గురించి. బిల్లు నంబరు …, ఆర్టికల్ నంబరు …
>
> ఆర్యా,
>
> నేను 12-06-2025న మీ దుకాణంలో పై ఆర్టికల్ నంబరు గల నల్లని బూట్లను, 6వ సైజులో, రూ. 1,899 చెల్లించి కొన్నాను. బిల్లు నకలు జతపరుస్తున్నాను.
>
> 06-07-2025న, అంటే కొన్న 24వ రోజున, ఎడమ బూటు సోల్ ముందుభాగంలో పైభాగం నుంచి విడిపోయింది. విడిపోయిన భాగం అంచు వెంట 7 సెం.మీ. పొడవు, లోపలికి 3 సెం.మీ. లోతు ఉంది. జిగురు పొర మొత్తం పైభాగానికే అంటుకుని ఉంది, సోల్ వైపు జిగురు జాడ లేదు. కుడి బూటుకు కూడా అదే చోట సందు మొదలైంది. రెండు సోళ్ళ అడుగు గాళ్ళు అరగలేదు. ఫొటోలు జతపరుస్తున్నాను.
>
> ఈ బూట్లను పాఠశాలకు వెళ్ళిరావడానికి మాత్రమే వాడాను. ఈ మధ్యకాలంలో వాన కురిసిన రోజుల్లో తడి రోడ్డు మీద నడిచాను. వాటిని నీటిలో ముంచలేదు, ఉతకలేదు, వేడి దగ్గర ఆరబెట్టలేదు, ఎక్కడా అతికించలేదు, బాగుచేయించలేదు.
>
> రోజువారీ వాడకానికి అమ్మిన బూట్లు 24 రోజుల్లో ఈ విధంగా విడిపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువులోని లోపం. కాబట్టి బూట్లను వెనక్కు తీసుకుని రూ. 1,899 తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. అది వీలుకాని పక్షంలో అదే సైజులో, అంతే ధర గల, లోపం లేని కొత్త జతను ఇవ్వవచ్చు. విడిపోయిన బూట్లను అతికించి ఇవ్వడం నాకు సమ్మతం కాదు.
>
> బూట్లను మీరు పరిశీలించదలిస్తే మీ దుకాణానికి తీసుకువస్తాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా మనవి. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుందని తెలియజేస్తున్నాను.
>
> ఇట్లు,
> (సంతకం)
>
> జతపరచినవి: బిల్లు నకలు 1, ఫొటోలు 5.

ఈ ఉత్తరంలో కోపం ఎక్కడా లేదు, అది కావాలనే. రేపు మూడో మనిషి చదివితే ఏ వాక్యమైనా రుజువు చూపగలిగేదిగా ఉండాలి. మూడో పేరాలోని "ముంచలేదు, ఉతకలేదు" వరుస దుకాణం అనబోయే మాటలకు ముందే చెప్పిన జవాబు. వాటిలో నిజం కానిది ఏదైనా ఉంటే ఆ మాట తీసేయండి.

అందజేయడం, ఆ తరవాత

రెండు ప్రతులు పట్టుకుని స్వయంగా వెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద దుకాణం ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోవడం అన్నిటికంటే మంచి దారి. సంతకం పెట్టడానికి వారు ఒప్పుకోకపోతే వాదించకుండా బయటికి వచ్చి, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, చేరినట్టు చూపే ట్రాకింగ్ వివరాన్ని దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపవచ్చు గానీ అదొక్కటే సరిపోదు.

దుకాణం చెప్పగల జవాబుల్లో జాగ్రత్తగా ఉండవలసింది "బూట్లు ఇచ్చి వెళ్ళండి, కంపెనీకి పంపిస్తాం" అన్నదానితో. ఇవ్వడంలో తప్పు లేదు. కానీ ఆర్టికల్ నంబరు, ఏ బూటు ఎంతమేర ఊడింది, ఏ తేదీన తీసుకున్నారు, ఎప్పటిలోగా తేల్చి చెబుతారు అన్న నాలుగు సంగతులున్న రసీదు లేకుండా ఇవ్వవద్దు. రసీదు లేకుండా వెళ్ళిన బూటు అతికించిన రూపంలో తిరిగి రావడం అరుదేమీ కాదు, అప్పుడు మీ చేతిలో ఫొటోలు తప్ప ఏమీ మిగలదు. డబ్బుకు బదులు క్రెడిట్ నోటు ఇస్తామంటే, ఆ దుకాణంలో మళ్ళీ కొనే ఉద్దేశం మీకు ఉంటేనే ఒప్పుకోండి. అతికించడానికే ఒప్పుకోదలిస్తే (బూటు మీకు బాగా నప్పి, ఊడింది కొద్దిగానే అయితే అదీ సమంజసమే) మళ్ళీ ఊడితే డబ్బు తిరిగి ఇస్తామని బిల్లు వెనకే రాయించుకోండి.

15 రోజులు గడిచినా జవాబు లేకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వలేదు. అయినా అమ్మినవారికి, కంపెనీకి సంగతి చేరవేసి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తుంది, పేరున్న బ్రాండు విషయంలో అక్కడే తేలిపోవడానికి అవకాశం ఎక్కువ. అప్పటికీ తేలకపోతే జిల్లా కమిషన్. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలలోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కాబట్టి పెళ్ళి బట్టల కోసం విజయవాడ వెళ్ళి అక్కడ కొన్న బూట్లకైనా మళ్ళీ విజయవాడ తిరగనక్కర్లేదు. అయితే ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. లోపాన్ని చూసి తేల్చలేమని కమిషన్ భావిస్తే వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ పరీక్ష రుసుమును ముందుగా ఫిర్యాదుదారే జమ చేయవలసి వస్తుంది. రెండు వేల రూపాయల బూటుకు ఆ ఖర్చు బరువే. జిగురు ఏ వైపు మిగిలిందో స్పష్టంగా చూపే దగ్గరి ఫొటోకూ, ఆ సంగతిని కొలతలతో రాసిన ఉత్తరానికీ విలువ పెరిగేది అందుకే.

వ్యవహారం తేలేదాకా ఆ బూట్లను తొడగవద్దు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పాత వార్తాపత్రికలో చుట్టి, వాటి డబ్బాలోనే, అటక మీద కాకుండా గాలి తగిలే అలమరలో పెట్టండి, డబ్బా మీది లేబుల్ చిరగకుండా చూడండి.